రిపోర్టులో పాజిటివ్ వచ్చిందా? ముందు వెయ్యి మందిని లెక్కపెట్టండి

మా అక్క వాళ్లది అనంతపురం పాతూరు. ఆమె కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కళాశాలలో పెట్టిన శిబిరంలో మొదటిసారి రక్తదానం చేశాడు. తొమ్మిదో రోజున బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. వెళ్లి కలిస్తే ఒక కాగితం చేతిలో పెట్టారు. హెపటైటిస్ సి పరీక్షలో 'రియాక్టివ్', అంటే పాజిటివ్, అని దానిమీద ఉంది. అంతకు మించి ఎవరూ ఏమీ వివరించలేదు. సాయంత్రానికల్లా వాడు ఫోనులో వెతికి రెండు సంగతులు తెలుసుకున్నాడు. అది కాలేయాన్ని నెమ్మదిగా తినేసే వైరస్ అన్నది ఒకటి, ఆ పరీక్ష 99 శాతం కచ్చితమైనది అన్నది రెండోది.

"అంటే మామా, నాకు జబ్బు లేకపోవడానికి నూటికి ఒక్క వంతే అవకాశం ఉన్నట్టు కదా?" అని అడిగాడు. మా అక్క అప్పటికే రెండుసార్లు ఏడ్చి ఉంది.

పరీక్ష 99 శాతం కచ్చితమైనదన్న మాట నిజమే అనుకుందాం. అయినా, వాడి లాంటి కుర్రవాడికి ఆ జబ్బు నిజంగా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు కూడా లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆ రాత్రి వంటింట్లో చేటలో వేరుశనగ గింజలు పోసి చూపించాను. ముప్పై ఏళ్లు గణితం చెప్పిన నాకు కూడా నల్లబల్ల మీద సూత్రం కన్నా ఆ చేటే మేలు అనిపించింది. ఆ పద్ధతినే ఇక్కడ అడుగు అడుగునా చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా ఏ పరీక్షలోనైనా ఇలాంటి కాగితం వస్తే, అంకెలు మార్చి మీరే లెక్క వేసుకోవచ్చు.

మా మేనల్లుడిలా పొరబడడం తెలివితక్కువతనం కాదు. 1978లో అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఆస్పత్రులలో 60 మంది వైద్యులను, వైద్య విద్యార్థులను ఇలాంటి ప్రశ్నే అడిగారు. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు, ఆరోగ్యవంతుల్లో నూటికి అయిదుగురికి తప్పుగా పాజిటివ్ చూపించే పరీక్ష. ఒకరికి పాజిటివ్ వచ్చింది, మరేమీ తెలియదు, జబ్బు ఉండే అవకాశం ఎంత? సరైన జవాబు దాదాపు 2 శాతం. 60 మందిలో 11 మందే ఆ జవాబు చెప్పారు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు 95 శాతం.

మొదటి అడుగు: కాగితం మీద ఉన్నది ఏ పరీక్షో చూడండి

మన దేశంలో దానం చేసిన ప్రతి రక్తపు సంచికీ అయిదు జబ్బుల పరీక్షలు తప్పనిసరి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. వీటిలో హెపటైటిస్ సి కోసం మామూలుగా చేసేది యాంటీబాడీ పరీక్ష. అంటే వైరస్‌ను నేరుగా వెతకరు. వైరస్ ఒంట్లోకి వచ్చినప్పుడు శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెతుకుతారు. అడుగుజాడ చూసి మనిషి వచ్చిపోయాడని ఊహించడం లాంటిది ఇది. అడుగుజాడ మరొకరిది కావచ్చు, లేదా మనిషి ఎప్పుడో వచ్చి వెళ్లిపోయి ఉండవచ్చు.

మా వాడి కాగితం మీద 'రియాక్టివ్' అన్న మాట పక్కన 1.4 అని ఒక చిన్న అంకె ఉంది. చాలామంది దాన్ని చూడరు. యంత్రం ఆ రక్తంలో చూసిన సంకేతం, పరీక్ష కిట్టు తయారుచేసిన కంపెనీ పెట్టిన గీత కన్నా ఎన్ని రెట్లు ఉందో ఆ అంకె చెబుతుంది. 1 దాటితే రియాక్టివ్, దాటకపోతే కాదు. 1.4 అంటే గీత దాటి రెండడుగులు వేసినట్టు. నిజంగా వైరస్ సోకినవారిలో ఈ అంకె సాధారణంగా గీతకు చాలా దూరంలో ఉంటుంది. గీతను ఆనుకుని వచ్చే అంకెల్లో తప్పుడు హెచ్చరికల పాలు ఎక్కువ. ఎంత దాటితే గట్టిగా నమ్మవచ్చన్నది కిట్టును బట్టి మారుతుంది కాబట్టి ఆ అంకె చూపించి వైద్యుణ్ని అడగండి. మీ కాగితం మీద 'పాజిటివ్' అన్న మాట ఒక్కటే ఉంటే, ఈ అంకె ఎంతో ల్యాబులో అడిగి రాయించుకోండి.

రెండో అడుగు: శాతాలు పక్కన పెట్టి వెయ్యి మందిని పిలవండి

99 శాతం, 0.3 శాతం అని రాసుకుంటే మెదడు వాటిని కలిపి లెక్క వేయలేదు. మనం మనుషులను, గొర్రెలను, గింజలను లెక్కపెట్టి పెరిగాం. ఎంతలో ఎంత శాతం అన్నది మనకు తర్వాత నేర్పిన విద్య. 1995లో గెర్డ్ గిగరెంజర్, ఉల్రిచ్ హాఫ్రాగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ప్రశ్నలనే శాతాలలో అడిగితే ఆరింట ఒక వంతు జవాబులే సరైనవిగా వచ్చాయి. అవే ప్రశ్నలను 'వెయ్యి మందిలో ఇంతమంది' అని అడిగేసరికి దాదాపు సగం సరిగా వచ్చాయి. ఎవరికీ కొత్తగా ఏమీ నేర్పలేదు, అడిగిన తీరు మారిందంతే.

కాబట్టి మీకు పాజిటివ్ వచ్చిన విషయాన్ని కాసేపు మరిచిపోండి. మీలాంటి వెయ్యి మందిని ఊహించుకోండి. మా ఇంట్లో నేను చేటలో వెయ్యి గింజలు పోశాను. అరకిలో లోపే వస్తాయి. నిజంగా వెయ్యి లెక్కపెట్టనక్కర లేదు. వంద లెక్కపెట్టి ఒక గిన్నెలో పోసి, అలాంటివి పది కొలతలు పోస్తే సరిపోతుంది.

మూడో అడుగు: ఆ వెయ్యిలో జబ్బు ఉన్నవారు ఎంతమంది?

ఈ పద్ధతి అంతటిలో కష్టమైన అడుగు ఇదే. మిగిలినదంతా కూడికలూ గుణకారాలే. ఇక్కడ తప్పు చేస్తే తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా జవాబు తప్పే.

'మీలాంటి' అన్న మాటలోనే చిక్కంతా ఉంది. హెపటైటిస్ సి రక్తం ద్వారా సోకే జబ్బు. సరిగా శుభ్రం చేయని సూదులు, పరీక్షించకుండా ఎక్కించిన రక్తం, ఒకరి సూది ఒకరు వాడుకునే మత్తు ఇంజెక్షన్లు, ఎక్కడపడితే అక్కడ వేయించుకున్న పచ్చబొట్టు, ఏళ్ల తరబడి డయాలసిస్ దీనికి దారులు. కాబట్టి మేనల్లుణ్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాను. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? లేదు. ఆపరేషన్ ఏదైనా? లేదు. పచ్చబొట్టు? లేదు. ఊళ్లో వైద్యం చేసేవాళ్ల దగ్గర సూదులు? చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు జ్వరానికి వేయించామని అక్క చెప్పింది. కామెర్లు వచ్చాయా? లేదు. ఇంట్లో ఇంకెవరికైనా కాలేయపు జబ్బు? లేదు.

అంటే వాడు ఏ లక్షణమూ లేకుండా, ఏ ప్రమాదపు దారిలోనూ నడవకుండా, శిబిరంలో ప్రశ్నావళి నింపి రక్తమిచ్చిన కుర్రవాడు. అలాంటి వెయ్యి మందిలో ముగ్గురికి ఈ జబ్బు ఉందని అనుకున్నాను. ఇది లెక్క కోసం పెట్టుకున్న సంఖ్య. నిజానికి అంతకన్నా తక్కువే ఉండవచ్చు, కొంత ఎక్కువా ఉండవచ్చు. తెలియనప్పుడు ఏం చేయాలో కాసేపట్లో చెబుతాను.

చేటలోంచి మూడు గింజలు తీసి అక్క కాటుకతో నల్లగా రుద్దింది. మళ్లీ చేటలో వేసి ఒకసారి చెరిగింది. ఆ మూడు ఎక్కడికి పోయాయో కనబడలేదు. కనబడకుండా పోవడమే ఇక్కడ ముఖ్యం. జబ్బు అంత అరుదని కంటికి తెలియాలి.

నాలుగో అడుగు: జబ్బు ఉన్నవారినీ లేనివారినీ విడివిడిగా పరీక్షించండి

'99 శాతం కచ్చితం' అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. జబ్బు ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుంది అన్నది ఒకటి. దీన్ని సెన్సిటివిటీ అంటారు. జబ్బు లేనివారిలో ఎంతమందిని సరిగా వదిలిపెడుతుంది అన్నది రెండోది. దీని పేరు స్పెసిఫిసిటీ. కిట్టు పెట్టెలో వచ్చే కాగితం మీద రెండూ విడిగా అచ్చు వేసి ఉంటాయి. మా లెక్కకు రెండూ 99 అనుకుందాం.

ముందు జబ్బు ఉన్న ముగ్గురు. నూటికి 99 మందిని పట్టుకునే పరీక్ష ముగ్గురిలో ముగ్గురినీ పట్టుకుంటుందనే అనుకోవచ్చు. కాబట్టి 3 పాజిటివ్.

తర్వాత జబ్బు లేని 997 మంది. నూటికి 99 మందిని సరిగా వదులుతుందంటే నూటికి ఒకరిని తప్పుగా పట్టుకుంటుందన్నమాట. 997లో నూటికి ఒకరు అంటే దాదాపు 10 మంది. ఆరోగ్యంగా ఉండి కూడా పాజిటివ్ కాగితం అందుకునే 10 మంది వీళ్లు.

ఈ పదిమంది ఎందుకు వస్తారు? ల్యాబు వాళ్ల అజాగ్రత్త వల్లే అనుకోకండి. కొందరి రక్తంలో వేరే కారణంతో పుట్టిన యాంటీబాడీలు ఈ పరీక్షకు కూడా అంటుకుంటాయి. కొన్ని కీళ్లజబ్బులలోలాగా శరీరం తన మీద తానే తిరగబడే పరిస్థితుల్లో ఇది మరింత ఎక్కువ. కొన్నిసార్లు నమూనా సరిగా లేకపోవడమూ కారణమే. వీటికి తోడు ఇంకో పెద్ద కారణం ఉంది. గీతను కావాలనే కిందికి పెడతారు. బ్లడ్ బ్యాంకుకు ఉన్న భయం ఒక్కటే, వైరస్ ఉన్న ఒక్క సంచి కూడా ఇంకొకరి ఒంట్లోకి పోకూడదు. దానికోసం మంచి సంచులు పది పారబోయడానికి వాళ్లు సిద్ధపడతారు, అది సరైన నిర్ణయమే. రక్తం ఎక్కించుకునే మనిషిని కాపాడడానికి కట్టిన కంచె అది. ఇచ్చినవాడికి జబ్బు ఉందో లేదో తేల్చడానికి కట్టినది కాదు. కంచె దగ్గర ఆపినవాళ్లందరూ దొంగలు కారు.

అయిదో అడుగు: పాజిటివ్ వచ్చినవారిని మాత్రమే ఒక చోట కూర్చోబెట్టండి

ముగ్గురు, పదిమంది. మొత్తం 13 మంది. నేను ఒక స్టీలు పళ్లెంలో 13 గింజలు పెట్టాను, మూడు నల్లవి, పది మామూలువి. చేటను అవతలికి నెట్టేశాను. ఎందుకంటే మా మేనల్లుడికి పాజిటివ్ వచ్చింది కాబట్టి వాడు ఇక చేటలో లేడు, పళ్లెంలో ఉన్నాడు. పదముగ్గురిలో ఒకడు. ఆ కాగితం ఒక్కటే చూసి వాడు ఏ గింజో చెప్పలేం.

13లో 3. సుమారు 23 శాతం. నాలుగింట ఒక వంతుకు కాస్త తక్కువ.

మా అక్క చాలాసేపు ఆ పళ్లెం వైపే చూసింది. "పరీక్ష ముగ్గురినీ పట్టుకుంది కదరా, మరి తప్పు ఎక్కడ ఉంది?" అంది. తప్పు ఎక్కడా లేదు. జబ్బు ఉన్నవారిలో దాదాపు అందరికీ పాజిటివ్ వస్తుంది అన్న వాక్యాన్ని తిప్పి, పాజిటివ్ వచ్చినవారిలో దాదాపు అందరికీ జబ్బు ఉంటుంది అని చదువుకోవడంలో ఉంది పొరపాటు. కదిరి వాళ్లందరికీ తెలుగు వస్తుంది, కానీ తెలుగు వచ్చినవాళ్లందరూ కదిరి వాళ్లు కారు.

ఇక్కడ లెక్క సరిచూసుకోండి. పాజిటివ్ వచ్చినవారు 13, రానివారు 987, కలిపితే 1000 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక గుంపును మరిచిపోయారని అర్థం. సాధారణంగా మరిచిపోయేది ఆరోగ్యవంతులైన ఆ పదిమందినే. ఇంకో పొరపాటు, 3ను 13తో కాకుండా 1000తో భాగించడం. అప్పుడు వెయ్యిలో మూడు అని వచ్చి, కాగితం రాకముందు ఉన్న చోటే ఉన్నామన్న తప్పుడు ధైర్యం కలుగుతుంది. అది కూడా నిజం కాదు. వెయ్యిలో ముగ్గురుగా ఉన్న అవకాశం పదముగ్గురిలో ముగ్గురైంది. అంటే డెబ్బై రెట్లకు పైగా పెరిగింది. కాగితాన్ని చించి పారేయకూడదు.

మూడో అడుగులో సంఖ్య తెలియకపోతే

వెయ్యిలో ముగ్గురు అన్నది నా ఊహ అని చెప్పాను కదా. అలాంటప్పుడు తక్కువ, ఎక్కువ రెండూ పెట్టి లెక్క వేయండి. వెయ్యిలో ఒక్కరికే ఉందనుకుంటే, తప్పుగా వచ్చేవారు పదిమందే కాబట్టి 11 మందిలో ఒకరు. వెయ్యిలో పదిమందికి ఉందనుకుంటే 20 మందిలో 10 మంది, సరిగ్గా సగం. కాబట్టి నిజం ఎక్కడో పదకొండింట ఒక వంతుకూ సగానికీ మధ్య ఉంది. ఇంత వెడల్పుగా ఉన్నా అది మనకు పనికొస్తుంది. ఏ లెక్కలోనూ 99 రాలేదు, ఏ లెక్కలోనూ సున్నా రాలేదు. మా వాడు చేయవలసిన పని మూడు లెక్కల్లోనూ ఒకటే, రెండో పరీక్ష.

ఇప్పుడు మనిషిని మార్చి చూడండి. అదే కిట్టు, అదే ల్యాబు. కానీ పరీక్ష చేయించుకున్నది చాలా ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్న పెద్దాయన. అలాంటి వెయ్యి మందిలో 100 మందికి హెపటైటిస్ సి ఉందని అనుకుందాం. ఆ 100 మందిలో 99 మందిని పరీక్ష పట్టుకుంటుంది. జబ్బు లేని 900 మందిలో తప్పుగా 9 మందికి వస్తుంది. మొత్తం 108 పాజిటివ్‌లలో 99 నిజమైనవి, అంటే నూటికి 92. ఒకే కాగితం, ఒకే మాట, మా వాడి చేతిలో ఒక అర్థం, ఆయన చేతిలో మరో అర్థం. అందుకే పక్కింటి వారికి పాజిటివ్ వచ్చి నిజమే అయిందన్న కబురు మీ కాగితం గురించి ఏమీ చెప్పదు.

అదే కారణంతో, కళ్లు పచ్చబడి, మూత్రం రంగు మారి, కాలేయపు పరీక్షలలో తేడా వచ్చి వైద్యుడు రాసి చేయించిన పరీక్షకు శిబిరపు లెక్క వాడకండి. ఆ మనిషి వేరే చేటలోని గింజ.

ల్యాబులో ఏ ప్రశ్న అడగాలి

'పరీక్ష ఎంత శాతం కరెక్టు?' అని అడిగితే మీకు ఒక్క అంకె చెబుతారు, దానితో ఏమీ తేలదు. అరుదైన జబ్బు విషయంలో రెండు అంకెల్లో ఒకటే మీ జవాబును శాసిస్తుంది. చేసి చూడండి. సెన్సిటివిటీని 99 నుంచి 100కు పెంచినా నల్ల గింజలు మూడే, పళ్లెంలో 13 గింజలే. ఏమీ మారదు. స్పెసిఫిసిటీని 99 నుంచి 99.9కి పెంచండి. తప్పుగా వచ్చేవారు పదిమంది నుంచి ఒక్కరికి పడిపోతారు. పళ్లెంలో నాలుగే గింజలు, మూడు నల్లవి. 23 శాతం కాస్తా 75 శాతం అయింది.

చూడడానికి ఒక శాతం కన్నా తక్కువ తేడా. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది. 'ఈ జబ్బు లేని వెయ్యి మందికి ఈ కిట్టుతో పరీక్ష చేస్తే ఎంతమందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది?' కిట్టు పేరు రాసుకుని, పెట్టెలోని కాగితం చూపించమనండి. కంపెనీ చెప్పే అంకె మంచి ల్యాబులో మంచి నమూనాలతో వచ్చినది అని గుర్తుంచుకోండి. ఎండాకాలంలో శిబిరం నుంచి వచ్చిన గొట్టాల విషయంలో అంతకన్నా కాస్త తక్కువే అనుకోవడం మేలు.

రెండో పరీక్ష, మళ్లీ అదే పరీక్ష కాదు

మా అక్క మొదట అన్నది, "రేపు పొద్దున ఇంకో ల్యాబులో ఇదే పరీక్ష చేయిద్దాం" అని. చాలా కుటుంబాలు చేసేది ఇదే. ఇందులో ఒక లోపం ఉంది. తప్పుగా పాజిటివ్ వచ్చిన పదిమందిలో చాలామందికి ఆ తప్పు యంత్రంలో లేదు, వాళ్ల రక్తంలోనే ఉంది. వేరే యాంటీబాడీ ఏదో అంటుకుంటున్నది కదా, అది రేపు కూడా అంటుకుంటుంది. అదే రకం కిట్టుతో పదిసార్లు చేసినా పదిసార్లూ రియాక్టివ్ రావచ్చు, మీకు మాత్రం పదిసార్లు రుజువైనట్టు అనిపిస్తుంది. నమూనా తారుమారైందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే ఆ పద్ధతి పనికొస్తుంది.

రెండో పరీక్ష వేరే దారిలో వెతకాలి. హెపటైటిస్ సి విషయంలో అది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వాడుకలో వైరల్ లోడ్ అంటారు. ఇది అడుగుజాడను కాదు, మనిషినే వెతుకుతుంది. రక్తంలో వైరస్ ఇప్పుడు ఉందో లేదో చూస్తుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్ష, అవసరమైతే మందులు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో ఈ కార్యక్రమం పేరు చెప్పి అడగండి, రియాక్టివ్ కాగితం తప్పక తీసుకువెళ్లండి.

వేరే దారిలో వెతికే పరీక్ష ఎంత బలమైనదో కూడా లెక్క వేయండి. ఇప్పుడు గింజలు పదివేలు అనుకోండి, లేకపోతే ముక్కలు చేయవలసి వస్తుంది. జబ్బు ఉన్నవారు 30, తప్పుగా వచ్చినవారు 100, మొత్తం పళ్లెంలో 130. రెండో పరీక్ష కూడా 99 శాతమే అనుకున్నా, ఆ 100 మందిలో 99 మందిని అది వదిలేస్తుంది, ఒక్కరే మిగులుతారు. జబ్బు ఉన్న 30 మందీ దాదాపు అందరూ మిగులుతారు. 31 మందిలో 30 మంది. రెండు వేర్వేరు దారుల్లోనూ పాజిటివ్ వస్తే ఇక సందేహానికి పెద్దగా చోటు లేదు. హెచ్ఐవీకి మన దేశంలో ఒక్క పరీక్షతో ఎవరికీ జబ్బు ఉందని చెప్పరు. లక్షణాలు లేని మనిషికి మూడు వేర్వేరు రకాల కిట్లతో తేలితేనే చెబుతారు. దాని వెనక ఉన్నది ఈ గింజల లెక్కే.

ఆర్‌ఎన్‌ఏలో వైరస్ కనబడితే గుండె జారవిడుచుకోనక్కర లేదు. ఇప్పుడున్న మాత్రలు ఎక్కువమందికి 12 వారాలు వాడితే చాలు, నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది.

వైరస్ కనబడకపోతే

ఇక్కడ చాలామంది ఒక తప్పు ముగింపుకు వస్తారు. ఆర్‌ఎన్‌ఏలో ఏమీ లేదంటే మొదటి పరీక్ష తప్పే అని. అలా కానక్కర లేదు. హెపటైటిస్ సి సోకినవారిలో కొంతమందికి, సుమారు నలుగురిలో ఒకరికి, శరీరమే వైరస్‌ను తరిమేస్తుంది. యాంటీబాడీ మాత్రం ఏళ్ల తరబడి మిగిలి ఉంటుంది. అంటే పళ్లెంలోని ఆ మూడు నల్ల గింజల్లో ఒకటి అలాంటిది కావచ్చు. యాంటీబాడీ పరీక్ష దాన్ని సరిగానే పట్టుకుంది, ఆర్‌ఎన్‌ఏ పరీక్షా సరిగానే లేదంది. ఇద్దరూ నిజమే చెప్పారు, చెప్పింది వేర్వేరు ప్రశ్నలకు. అందుకే లెక్క మొదలు పెట్టేటప్పుడే 'జబ్బు ఉన్నవారు' అంటే ఎవరో నిర్ణయించుకోవాలి. వైరస్ ఎప్పుడైనా సోకినవారా, ఇప్పుడు ఒంట్లో ఉన్నవారా?

ఒక హెచ్చరిక ఎదుటి వైపు నుంచి కూడా. మా లెక్కలో నెగటివ్ వచ్చిన 987 మందిలో జబ్బు ఉన్నవారు దాదాపు ఎవరూ లేరు, కాబట్టి నెగటివ్ వచ్చిన స్నేహితులు నిశ్చింతగా ఉండవచ్చు. కానీ వైరస్ సోకిన తర్వాత యాంటీబాడీలు తయారవడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. పోయిన నెలలోనే సూది గుచ్చుకున్న నర్సుకు ఈ లెక్క వర్తించదు. ఆమె వైద్యుడి సలహాతో మళ్లీ పరీక్షలు చేయించుకోవాలి.

మా మేనల్లుడి ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చి, ఫలితం కోసం ఆరు రోజులు ఎదురుచూశాం. ఆ ఆరు రోజులూ 13 గింజల పళ్లెం వంటింటి గట్టు మీదే ఉంది. అక్క దాన్ని తీయనివ్వలేదు. మొదటి రోజు నల్ల గింజలను చూసి భయపడిన మనిషి, తర్వాత తర్వాత మిగతా పదీ చూసి అన్నం తిన్నది. కాగితం వచ్చింది, వైరస్ కనబడలేదు. "అయితే నేను పదిమందిలో వాణ్నా మామా, లేక తనంతట తాను నయమైన వాణ్నా?" అని వాడు అడిగాడు. 1.4 అంకెను బట్టి, వాడి కథను బట్టి మొదటిదే ఎక్కువ నమ్మదగినది అని వైద్యురాలు చెప్పారు. మూడు నెలల తర్వాత ఇంకొకసారి ఆర్‌ఎన్‌ఏ చేయించమని చీటీ మీద తేదీ వేసి ఇచ్చారు. ఇక ముందు రక్తదానం చేయవచ్చో లేదో బ్లడ్ బ్యాంకు నిబంధనలను బట్టి వాళ్లే చెబుతారని కూడా అన్నారు. ఆ చీటీని అక్క పంచాంగం పేజీల మధ్య పెట్టింది.